తొంభై తొమ్మిది తప్పు కాదు, వంద ఒప్పూ కాదు

2020 డిసెంబరు 4న గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఎన్నికల లెక్కింపు జరిగింది. అప్పటికి డివిజన్లు మొత్తం 150. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్, హఫీజ్‌పేట ఇవన్నీ వాటిలోవే. అంటే ఐటీ కారిడార్‌లో అద్దాల మేడలున్న ప్రాంతానికి కూడా కార్పొరేటర్లను ఎన్నుకున్నది ఆ ఎన్నికల్లోనే. లెక్కింపు ముగిసేసరికి 149 డివిజన్ల ఫలితాలు వచ్చాయి, నేరేడ్‌మెట్ ఒక్కటి ఆగింది. అక్కడ స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడిన ఓట్ల మీద వివాదం రావడంతో, హైకోర్టు ఆదేశం వల్ల ఫలితం అప్పటికి ప్రకటించలేదు. ఆ రాత్రికి లెక్క ఇది: టీఆర్‌ఎస్ 55, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2.

ఈ నాలుగు అంకెలతో పై చార్టు గీసి, ఒక్కో ముక్క మీద శాతం వేస్తే 37, 32, 30, 1 వస్తాయి. కూడితే సరిగ్గా వంద. కొద్ది రోజులకు నేరేడ్‌మెట్ ఫలితం కూడా వచ్చింది, అదీ టీఆర్‌ఎస్‌కే దక్కింది. ఇప్పుడు లెక్క పూర్తయింది: 56, 48, 44, 2, మొత్తం 150. చార్టు మళ్లీ గీస్తే శాతాలు 37, 32, 29, 1. కూడితే 99.

అసంపూర్తి లెక్క వందకు వచ్చింది, పూర్తి లెక్క తొంభై తొమ్మిదికే ఆగింది. ఒక డివిజన్ అదనంగా గెలిచిన పార్టీ శాతం 37 దగ్గర కదలకుండా ఉంది. ఒక్క డివిజన్ కూడా పోగొట్టుకోని మజ్లిస్ 30 నుంచి 29కి దిగింది. ఇందులో ఎక్కడా ఎవరూ తప్పు చేయలేదు. మాదాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో ఒక డ్యాష్‌బోర్డ్ మీద ఇలాంటి చార్టు కనిపిస్తే మాత్రం టెస్టర్ వెంటనే టికెట్ రైజ్ చేస్తారు. క్లయింటు నుంచి మెయిల్ వస్తుంది, మొత్తం వంద రాలేదేమని. దాన్ని సరిచేయబోయిన డెవలపర్ చాలాసార్లు ఒప్పుగా ఉన్నదాన్ని తప్పుగా మారుస్తారు. అందుకే ఆ ఒకటి ఎక్కడికి పోయిందో నిదానంగా చూడాలి.

56ను 150తో భాగించి వందతో గుణిస్తే 37.33 వస్తుంది. ఖచ్చితంగా చెప్పాలంటే ముప్ఫై ఏడూ, ఒకటిలో మూడో వంతూ. 44కు ఇరవై తొమ్మిదీ మూడో వంతూ. 2కు ఒకటీ మూడో వంతూ. 48కి మాత్రం సరిగ్గా 32, శేషం లేదు. దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేయమంటే, సగం కంటే తక్కువ ఉన్న భాగాన్ని వదిలేస్తాం కాబట్టి మూడు చోట్లా మూడో వంతు రాలిపోయింది. మూడు మూడో వంతులు కలిస్తే ఒకటి. పోయిన ఒకటి అదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్రతి పార్టీ పక్కన ఉన్న అంకె దానికి వీలైనంత దగ్గరి పూర్ణాంకమే. 37.33ని 37 అనడం కంటే మెరుగైన పూర్ణాంకం లేదు. నాలుగు లేబుళ్లూ విడివిడిగా ఒప్పే, వాటి మొత్తమే వందకు రాదు. ఒక్కో భాగాన్ని విడిగా రౌండ్ చేయడమూ, మొత్తం వంద రావడమూ రెండు వేర్వేరు షరతులు. మొదటిది పాటిస్తే రెండోది దానంతట అదే నెరవేరుతుందని ఏ గణిత సూత్రమూ హామీ ఇవ్వదు.

దశాంశాలు పెంచితే పోతుంది కదా అన్నది చాలామందికి తట్టే మొదటి మందు. ఈ లెక్క మీదే వాడి చూద్దాం. ఒక దశాంశంతో 37.3, 32.0, 29.3, 1.3. మొత్తం 99.9. రెండు దశాంశాలతో 99.99. మూడో వంతుకు దశాంశ రూపం ఎప్పటికీ అంతం కాదు కాబట్టి, ఎన్ని అంకెలు వేసినా చివరి స్థానంలో ఒకటి తగ్గుతూనే ఉంటుంది. దశాంశాలు పెంచితే తేడా చిన్నదవుతుంది, మాయం కాదు.

ఒక్కోసారి ఇంకా వింతగా ఉంటుంది. 2023 డిసెంబరు 3న వచ్చిన తెలంగాణ శాసనసభ ఫలితాల్లో 119 స్థానాలకు కాంగ్రెస్ 64, బీఆర్‌ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1 గెలిచాయి. పూర్ణాంకాల్లో శాతాలు 54, 33, 7, 6, 1. మొత్తం 101. ఒక దశాంశంతో 53.8, 32.8, 6.7, 5.9, 0.8. మొత్తం సరిగ్గా 100.0. సమస్య తీరిందనుకుని ఇంకో దశాంశం వేస్తే 53.78, 32.77, 6.72, 5.88, 0.84. మొత్తం 99.99. ఒకే ఫలితం, ముందు ఎక్కువైంది, తర్వాత సరిపోయింది, ఆ తర్వాత తక్కువైంది.

ఈ 101 లోపల ఏం జరిగిందో చూడాలంటే దశాంశాలను పక్కన పెట్టి, బడిలో నేర్చుకున్న భాగఫలం, శేషాలతో లెక్క కట్టడమే మేలు. ప్రతి పార్టీ స్థానాలను వందతో గుణించి 119తో భాగిద్దాం. కాంగ్రెస్‌కు భాగఫలం 53, శేషం 93. బీఆర్‌ఎస్‌కు 32, శేషం 92. బీజేపీకి 6, శేషం 86. మజ్లిస్‌కు 5, శేషం 105. సీపీఐకి 0, శేషం 100. భాగఫలాలు కూడితే 96. శేషాలు కూడితే 476, అంటే సరిగ్గా నాలుగు 119లు. కాబట్టి వందకు చేరాలంటే పంచాల్సినవి నాలుగు ఒకట్లే. కానీ ఐదు శేషాలూ 119లో సగం దాటాయి. రౌండింగ్ నియమం ప్రకారం ఐదు పార్టీలూ పైకి వెళ్లాలి. ఉన్నవి నాలుగు, ఇచ్చినవి ఐదు. అందుకే 101.

వంద కావాల్సిందేనని పట్టుబడితే ఒక పద్ధతి ఉంది. అందరికీ ముందు భాగఫలం ఇచ్చేయడం, మిగిలిన ఒకట్లను శేషం ఎక్కువున్న వాళ్లకు వరుసగా పంచడం. దీన్ని గరిష్ఠ శేష పద్ధతి అంటారు. ఇది చార్టుల కోసం పుట్టింది కాదు. అమెరికా ప్రతినిధుల సభలో రాష్ట్రాలకు స్థానాలు పంచడానికి 1792లో అలెగ్జాండర్ హామిల్టన్ దీన్నే ప్రతిపాదించాడు. దాని ఆధారంగా వచ్చిన బిల్లును జార్జి వాషింగ్టన్ తిప్పి పంపాడు, అమెరికా అధ్యక్షుడు వీటో వాడటం అదే మొదటిసారి. తర్వాతి కాలంలో ఆ దేశం మళ్లీ ఆ పద్ధతికే వచ్చి, 1880 జనగణన తర్వాత ఓ చిక్కు కనిపెట్టింది. సభలో 299 స్థానాలుంటే అలబామాకు 8 వస్తాయి, 300 ఉంటే 7 వస్తాయి. పంచే స్థానాలు పెరిగితే ఒకరి వాటా తగ్గడమనే ఆ విడ్డూరానికి అలబామా పేరే స్థిరపడింది. చార్టులో పంచేది ఎప్పుడూ వందే కాబట్టి మనకు అది అంతగా అడ్డురాదు, కానీ పంపకంలో ఎవరో ఒకరు నష్టపోక తప్పదన్నది మాత్రం ఇక్కడా నిజమే. ప్రోగ్రాములో ఇది ఇంతే:

```python
seats = [64, 39, 8, 7, 1]
total = sum(seats)
base = [s * 100 // total for s in seats]
rem = [s * 100 % total for s in seats]
left = 100 - sum(base)
order = sorted(range(len(seats)), key=lambda i: -rem[i])
for i in order[:left]:
    base[i] += 1
print(base)   # [54, 33, 6, 6, 1]
```

ఫలితం 54, 33, 6, 6, 1. మొత్తం వంద. బాగానే ఉందనిపిస్తుంది, మూడో అంకె చూసేదాకా. అందరికంటే చిన్న శేషం బీజేపీది కాబట్టి దానికి ఒకటి దక్కలేదు. 6.72 శాతం ఉన్న పార్టీ పక్కన 6 అని పడింది. 8 స్థానాల పార్టీ, 7 స్థానాల పార్టీ చార్టులో సమానమైపోయాయి. లేబుల్ చూసిన ఎవరైనా 8ని 119తో భాగించుకుంటే ఇది తప్పని వెంటనే తెలుస్తుంది, వాళ్ల ఫిర్యాదులో న్యాయమూ ఉంటుంది. మొత్తాన్ని నిజం చేయడానికి ఒక భాగాన్ని అబద్ధం చేశాం.

గ్రేటర్ లెక్క మీద ఇదే పద్ధతి నడిపితే అసలు జవాబే రాదు. అక్కడ భాగఫలాల మొత్తం 99, పంచాల్సింది ఒక్కటి. శేషాలు టీఆర్‌ఎస్‌కు 50, మజ్లిస్‌కు 50, కాంగ్రెస్‌కు 50. ముగ్గురికీ సమాన హక్కు. పైన ఇచ్చిన ప్రోగ్రాము ఆగిపోదు, తప్పు సందేశమూ ఇవ్వదు. పైథాన్‌లో `sorted` సమానమైన వాటిని వచ్చిన వరుసలోనే ఉంచుతుంది కాబట్టి, జాబితాలో ముందున్న వాళ్లకు ఆ ఒకటి వెళ్తుంది. స్థానాలు ఎక్కువున్న పార్టీ మొదట వచ్చేలా పేరిస్తే టీఆర్‌ఎస్‌కు 38 పడుతుంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో పేరిస్తే `AIMIM` ముందుంటుంది కాబట్టి మజ్లిస్‌కు 30 పడుతుంది. ఒకే డేటా, ఒకే పద్ధతి, రెండు వేర్వేరు చార్టులు. తేడా తెచ్చింది ఓట్లు కాదు, పేర్ల వరుస. ఒకే సంస్థలో రెండు టీములు ఒకే నివేదికకు వేర్వేరు శాతాలు చూపించడానికి ఇలాంటి కారణాలే ఉంటాయి. ఇది దొరకడమూ కష్టమే, ఎందుకంటే రెండు చార్టులూ వందకే వస్తాయి.

సరిగ్గా సగం వచ్చిన చోట ఇంకో చిన్న ఉచ్చు ఉంది. 200 మంది జవాబిచ్చిన సర్వేలో 25 మంది ఒకటి, 175 మంది ఇంకొకటి అన్నారనుకుందాం. శాతాలు 12.5, 87.5. ఎక్సెల్ `ROUND`, జావాస్క్రిప్ట్ `Math.round` సగాన్ని పైకి తీసుకెళ్తాయి, 13, 88 వస్తాయి, మొత్తం 101. పైథాన్ `round` సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు వెళ్తుంది, 12, 88 వస్తాయి, మొత్తం 100. సర్వర్‌లో పైథాన్, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఉన్న అప్లికేషన్‌లో ఒకే అంకె రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. రెండే భాగాలున్న చార్టులో మొత్తం తప్పడానికి ఉన్న ఏకైక దారి కూడా ఈ సగమే.

భాగాలు పెరిగేకొద్దీ తప్పే అవకాశం పెరుగుతుంది. ఎంత అన్నది 1967లో ఫ్రెడరిక్ మోస్టెలర్, క్లియో యూట్జ్, డగ్లస్ జాన్ 'డెమోగ్రఫీ' పత్రికలో లెక్క కట్టారు. మూడు భాగాలుంటే మొత్తం సరిగ్గా వంద వచ్చే అవకాశం సుమారు నాలుగింట మూడు వంతులు, నాలుగు భాగాలుంటే సుమారు మూడింట రెండు వంతులు. 1979లో పర్సీ డయాకోనిస్, డేవిడ్ ఫ్రీడ్‌మన్ ఈ లెక్కకు గట్టి పునాది వేశారు. ఈ లెక్క ప్రకారం పది భాగాలుంటే వంద వచ్చే అవకాశం సగం కూడా ఉండదు, నూటికి 44 దాకా మాత్రమే. అంటే పది ముక్కల పై చార్టులు ఎప్పుడు చూసినా వందే చూపిస్తున్నాయంటే, ఎవరో లోపల సర్దుతున్నారని అనుమానించవచ్చు.

అయితే ఈ అంచనాల వెనక ఒక ఊహ ఉంది. శేషాలు ఎటుపడితే అటు చెదిరి ఉంటాయని, పైకి వెళ్లేవి, కిందికి వచ్చేవి దాదాపు సమానంగా ఉంటాయని. చిన్న చిన్న ముక్కలు ఒకే పరిమాణంలో ఉంటే ఆ ఊహ చెడుతుంది. తెలంగాణలో ఒక స్థానం అంటే 0.84 శాతం. ఒక్క స్థానం గెలిచిన ప్రతి పార్టీకీ లేబుల్ 1 అని పడుతుంది, ప్రతిసారీ 0.16 అదనంగా చేరుతుంది, ఎప్పుడూ పైకే. 2014లో టీఆర్‌ఎస్ 63, కాంగ్రెస్ 21, టీడీపీ 15, మజ్లిస్ 7, బీజేపీ 5, వైఎస్సార్‌సీపీ 3, బీఎస్పీ 2 గెలవగా, సీపీఐ, సీపీఎం, ఒక స్వతంత్ర అభ్యర్థి తలా ఒకటి గెలిచారు. శాతాలు రౌండ్ చేస్తే 53, 18, 13, 6, 4, 3, 2, 1, 1, 1. కూడితే 102. పదింటిలో కిందికి వచ్చింది బీజేపీ 4.20 ఒక్కటే, మిగతా తొమ్మిదీ పైకే వెళ్లాయి.

అసలు ప్రమాదం రౌండింగ్‌లో లేదు. ఏ తేడా కనిపించినా రౌండింగ్ అని వదిలేయడంలో ఉంది. మళ్లీ నేరేడ్‌మెట్ ఆగిన రాత్రికి వెళ్దాం. అప్పటికి 149 ఫలితాలే ఉన్నాయి. కానీ ప్రోగ్రాములో హారం 150 అని ముందే రాసిపెట్టి ఉందనుకోండి, ఇది నిజంగా తరచూ జరిగే పొరపాటు. అప్పుడు టీఆర్‌ఎస్ 55ను 150తో భాగిస్తే 36.67, రౌండ్ చేస్తే 37. మిగతావి 32, 29, 1. మొత్తం 99. పూర్తి ఫలితం వచ్చాక ఒప్పు లెక్కలో కనిపించిన లేబుళ్లూ ఇవే, అంకె అంకెకూ సరిపోతాయి. ఒకదానిలో డేటా మొత్తం ఉంది, ఇంకోదానిలో ఒక డివిజన్ లేదు. చార్టు చూసి ఈ రెంటినీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

ఒక దశాంశం ఎక్కువ అడిగితే దొంగ దొరుకుతాడు. హారం తప్పిన లెక్కలో 36.7, 32.0, 29.3, 1.3, మొత్తం 99.3. ఒప్పు లెక్కలో మొత్తం 99.9. రౌండింగ్ వల్ల ఒక్కో లేబుల్ చివరి స్థానంలో సగం కంటే ఎక్కువ మారదు. నాలుగు లేబుళ్లు కలిసి చివరి స్థానంలో రెండు కంటే ఎక్కువ మార్చలేవు, రెండు రావాలన్నా నాలుగూ సరిగ్గా సగం దగ్గర ఉండాలి. ఒక దశాంశంతో ఆ హద్దు 0.2. 99.9 ఆ హద్దు లోపల ఉంది, అది రౌండింగ్ కావచ్చు. 99.3లో తేడా 0.7, అది రౌండింగ్ కానే కాదు, ఏదో లోపించింది. పూర్ణాంకాల దగ్గర దాక్కున్న లోపం ఒక స్థానం లోతుకు వెళ్లగానే బయటపడింది. దశాంశాలు పెంచడం వల్ల నిజమైన ప్రయోజనం ఇదే, పాఠకుడికి చూపడానికి కాదు, మనం తనిఖీ చేసుకోవడానికి.

ఇంకో రకం తప్పు, రౌండ్ చేసిన శాతాలనే చార్టుకు డేటాగా ఇవ్వడం. నివేదికలోని 37, 32, 29, 1ని కాపీ చేసి పై చార్టు గీస్తే, చార్టు వాటి మొత్తం 99నే నూరు శాతమనుకుంటుంది. శాతాలు మళ్లీ లెక్కగట్టి 37.4, 32.3, 29.3, 1.0 అని చూపుతుంది. మొత్తం ముచ్చటగా 100.0. కానీ సరిగ్గా 32 ఉన్న బీజేపీ 32.3 అయింది, 1.3 ఉన్న కాంగ్రెస్ 1.0 అయింది. అడ్డంగా పేర్చిన బార్ అయితే దెబ్బ కంటికే కనిపిస్తుంది. 2023 ఫలితాన్ని 54, 33, 7, 6, 1 వెడల్పులతో పేర్చండి. మొదటి నాలుగూ కలిసి వంద అయిపోతాయి. ఐదో ముక్కకు చోటే ఉండదు. బార్ హద్దు దాటినదాన్ని కత్తిరించే ఏర్పాటు ఉంటే, సీపీఐ గెలిచిన కొత్తగూడెం స్థానం చార్టులోంచి మొత్తంగా పోతుంది. కోణాలైనా వెడల్పులైనా అసలు అంకెలతోనే గీయాలి, రౌండింగ్ లేబుల్ రాసే చివరి క్షణంలో మాత్రమే జరగాలి.

నా మటుకు నేను 99ని అలాగే ఉంచి, లేబుల్‌లో శాతం పక్కన అసలు సంఖ్య కూడా రాసి, కింద 'దగ్గరి పూర్ణాంకానికి సవరించినందున మొత్తం 100 కాకపోవచ్చు' అని ఒక వాక్యం పెట్టడమే సరైనదంటాను. '37% (56)' అని ఉంటే అనుమానం ఉన్నవాళ్లు స్వయంగా లెక్క చూసుకోవచ్చు, కూడితే 150 వస్తుంది. నిబంధనల్లోనో ఒప్పందంలోనో మొత్తం వంద చూపించి తీరాలని ఉంటే గరిష్ఠ శేష పద్ధతి వాడవచ్చు, కానీ సమాన శేషాలు వస్తే ఎవరికి ఇవ్వాలో ముందే రాసిపెట్టుకోవాలి. 'ఇతరులు' అన్న ముక్కను వందలోంచి మిగతావన్నీ తీసేసి నింపే అలవాటు మాత్రం వదులుకోవాలి. 2014 లెక్కలో ఒక్కో స్థానం గెలిచిన ముగ్గురినీ అలా 'ఇతరులు' చేస్తే, మిగతా ఏడింటి లేబుళ్ల మొత్తం 99 కాబట్టి వాళ్లకు మిగిలేది 1 శాతం. వాళ్ల నిజమైన వాటా 2.52.

టెస్టర్లు రాసుకునే నియమం కూడా దీనికి తగ్గట్టు మారాలి. 'మొత్తం 99 నుంచి 101 లోపు ఉండాలి' అని గట్టిగా రాస్తే, 2014 ఫలితం ఒప్పై ఉండీ 102 అయినందుకు ఫెయిల్ అవుతుంది, 150తో భాగించిన 149 డివిజన్ల లెక్క తప్పై ఉండీ 99తో పాస్ అవుతుంది. హద్దు భాగాల సంఖ్యను బట్టి ఉండాలి: ఎన్ని లేబుళ్లుంటే చివరి స్థానంలో అందులో సగం. పది పార్టీలకు ఐదు, నాలుగు పార్టీలకు రెండు. దానికంటే ముందు, రౌండ్ చేయని సంఖ్యలను కూడి హారంతో పోల్చే పరీక్ష ఒకటి ఉండాలి. నేరేడ్‌మెట్ లేదని చెప్పగలిగేది ఆ పరీక్షే: 55, 48, 44, 2 కలిపితే 149, హారం 150.